ఎనిమిదికి మోగే అలారం ఎందుకు పనిచేయదు?

ఉదయం 10 నుంచి రాత్రి 8 వరకే తినాలని నిర్ణయించుకున్న వాళ్లు సాధారణంగా ఫోన్‌లో రెండు అలారాలు పెట్టుకుంటారు: పదికి ఒకటి, ఎనిమిదికి ఒకటి. రెండోది మోగేసరికి కుక్కర్ ఇంకా పొయ్యి మీదే ఉంటే చేసేదేముంది? ఆపేసి తినడం తప్ప. రెండు మూడు రోజులకు ఆ చప్పుడే చెవికి అలవాటైపోతుంది.

అందుకే అలారాలను చివరి ముద్ద నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. తినడానికి అరగంట, వండటానికి 50 నిమిషాలు అనుకుంటే మొదటిది 6:40కే మోగాలి. దానికి ‘డిన్నర్’ అని కాక ‘బియ్యం కడుగు’ అని పేరు పెట్టండి. 7:30కి ‘కంచం పెట్టు’, 7:50కి ‘మజ్జిగన్నంతో సరి’. ఒక్కోదానికి ఒక్కో రింగ్‌టోన్ ఉంటే చూడకుండానే తెలుస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకూ ఒకటి కావాలి. భోజనం మూడింటికి జరిగితే రాత్రి ఆకలి తొమ్మిదికి గానీ వేయదు.

ఇక పొద్దున్నే పాలు, చక్కెర వేసిన కాఫీ. ఆరున్నరకు అది తాగితే లెక్క అప్పుడే మొదలైనట్టు, పది గంటలు సాయంత్రం నాలుగున్నరకే నిండిపోతాయి. మంచినీళ్లు, ఏమీ కలపని డికాషన్ అయితే లెక్కలోకి రావు. పడుకోబోయే ముందు తాగే గ్లాసు పాలు మాత్రం వస్తాయి.

ఇన్సులిన్ గానీ గ్లైమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరుతో మోతాదు, వేళలు మాట్లాడకుండా ఇది మొదలుపెట్టకూడదు. మందు వేసుకుని తిండి వాయిదా వేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే అలారం సంగతి వదిలేసి వెంటనే చక్కెర తినాలి. గర్భిణులకు ఈ పద్ధతి తగదు.

ఏ రోజు వేళలు కుదిరాయో చూసుకోవడానికి పెట్టుకునే వారం చీటీలో టిక్కులు పెట్టడం చాలదు. మొదటి ముద్ద, చివరి ముద్ద ఎన్ని గంటలకో అప్పటికప్పుడే రాయాలి. ఆదివారం కూర్చుని గుర్తు చేసుకుంటే తప్పిన రోజులు కూడా కుదిరినట్టే తోస్తాయి. 15 నిమిషాల తేడాను తప్పుగా లెక్కపెట్టక్కర్లేదు. అయితే ఈ చీటీ వేళల సంగతే చెబుతుంది, ఎంత తిన్నామన్నది చెప్పదు. 2020లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 116 మంది పాల్గొన్నారు. అందులో 12 వారాలు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 వరకే తిన్నవాళ్లకూ, మూడు పూటలా తిన్నవాళ్లకూ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఒక చీటీ ఇలా ఉందనుకుందాం. సోమ, మంగళ, గురు, శనివారాలు కుదిరాయి. బుధవారం చివరి ముద్ద 8:40కి, శుక్రవారం 8:45కి. ఆదివారం చుట్టాలింట్లో పొద్దున ఏడున్నరకే టీ. అంటే ఏడింట నాలుగు. పక్కన కారణం రాస్తేనే అసలు విషయం తెలుస్తుంది: బుధ, శుక్రవారాల్లో 6:40కి మనిషి ఇంకా బస్సులోనే ఉన్నారు. ఆదివారం టీ ఒక్కసారి జరిగింది కాబట్టి దాన్ని వదిలేయొచ్చు. మార్చాల్సింది ఆ రెండు రోజుల అలారాన్నే. దాన్ని పొద్దున 7:15కి జరిపి ‘సాంబారు రాత్రికీ సరిపడా’ అని పేరు మార్చి, మిగతావి ముట్టుకోకుండా మరో వారం చూడాలి.