హాస్టల్ వైఫైలో కొత్త ఫోన్‌కి చోటెందుకు దొరకదు?

హైదరాబాద్‌ అమీర్‌పేట చుట్టుపక్కల హాస్టళ్లలో కొత్త బ్యాచ్ దిగిన ప్రతిసారీ ఈ గొడవ మళ్ళీ మొదలవుతుంది. కొత్తగా చేరిన కుర్రాడు పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతాడు. ఫోన్ కాసేపు ప్రయత్నించి, కనెక్ట్ కాలేదని చెబుతుంది. పక్క మంచం అబ్బాయి ఫోన్ మాత్రం ఎప్పట్లాగే పనిచేస్తూ ఉంటుంది. రౌటర్ లిమిట్ అయిపోయిందని, ఒక్కొక్కరు రెండు మూడు డివైజులు పెడుతున్నారని, ఇకమీదట మనిషికి ఒకటేనని మేనేజ్‌మెంట్ అంటుంది. ఉండేవాళ్ల ప్రశ్న వేరు. ఇప్పుడు లోపల ఉన్నదే ఇరవై మందిలోపు అయితే లిమిట్ ఎలా అయిపోయింది?

వైఫై ఎలా పుట్టింది, రౌటర్ ఏం చేస్తుంది అన్నవి అందరికీ తెలిసినవే, వాటిని వదిలేద్దాం. ఈ తగాదాకు పనికొచ్చే విషయం ఏమిటంటే, రౌటర్‌లో లిమిట్ ఒకటి కాదు, కనీసం రెండున్నాయి. ఫోన్ వరుసగా రెండు చోట్ల అనుమతి తెచ్చుకోవాలి.

మొదటిది రేడియో దగ్గర. ఫోన్ చేరగానే రౌటర్ దానికి ఒక నంబరు ఇస్తుంది. నిద్రలో ఉన్న ఫోన్లలో ఎవరికి డేటా వచ్చి ఉందో రౌటర్ ఆ నంబర్ల లెక్కనే ప్రకటిస్తూ ఉంటుంది. వైఫై ప్రమాణం ప్రకారం ఆ నంబర్లు 1 నుంచి 2007 దాకా ఉంటాయి. మామూలు ఇంటి రౌటర్ అంత దూరం పోదు. చేరిన ప్రతి ఫోన్‌కీ విడిగా తాళంచెవి, కొంత మెమరీ కేటాయించాలి కాబట్టి తయారీదారులు 32 లేదా 64 లాంటి హద్దు ముందే పెట్టేస్తారు. అది నిండితే రౌటర్ కొత్త ఫోన్‌ని 17వ నంబరు కోడ్‌తో తిప్పి పంపుతుంది. ఇంకొకరిని మోయలేను అని దాని అర్థం. ఫోన్ స్క్రీన్ మీద ఆ కోడ్ సాధారణంగా కనిపించదు కాబట్టి చాలామంది పాస్‌వర్డ్ తప్పేమో అనుకుంటారు.

రెండోది ఐపీ అడ్రస్ దగ్గర, అంటే నెట్‌వర్క్‌లో డేటా ఫోన్‌ని చేరడానికి వాడే నంబరు దగ్గర. హాస్టల్ గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడివేనని నా అభిప్రాయం. అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ పద్ధతిని అమెరికాకు చెందిన రాల్ఫ్ డ్రోమ్స్ 1993లో ఒక ప్రమాణంగా రాశారు. ఇప్పటికీ వాడుతున్న రూపం 1997 నాటిది. అందులో రౌటర్ అడ్రస్‌ని ఫోన్‌కి శాశ్వతంగా ఇవ్వదు, గడువు పెట్టి అద్దెకిస్తుంది. తీసుకున్నదెవరో మ్యాక్ అడ్రస్‌ని బట్టి, అంటే వైఫైలో ఫోన్ చెప్పుకునే గుర్తింపు నంబరుని బట్టి గుర్తుపెట్టుకుంటుంది. అప్పట్లో ఒక మెషీన్‌కి ఒకటే మ్యాక్, ఫ్యాక్టరీలో వేసింది, మారదు. డివైజుల లెక్కంతా ఆ నమ్మకం మీదే నడిచింది. కొన్ని రౌటర్లలో అద్దెకిచ్చే అడ్రస్‌లు `192.168.1.100` నుంచి `192.168.1.149` దాకా, అంటే 50 మాత్రమే ఉంటాయి. గడువు ఒక రోజు. ఒక కుటుంబానికి అది ఎక్కువే.

మలుపు 2019 సెప్టెంబర్‌లో ఆండ్రాయిడ్ 10తో వచ్చింది. మారని మ్యాక్ అడ్రస్‌ని పట్టుకుని మాల్స్‌లో, స్టేషన్లలో మనుషులు ఎక్కడ తిరుగుతున్నారో గమనించే అవకాశం ఉండేది. దాన్ని ఆపడానికి, ఫోన్ ఒక్కో వైఫై పేరుకి ఒక్కో కల్పిత మ్యాక్ వాడేలా మార్చారు. 2020 సెప్టెంబర్‌లో ఐఓఎస్ 14 కూడా అదే బాట పట్టింది. మార్పు మంచిదే. కానీ ఒక మెషీన్‌కి ఒకటే మ్యాక్ అన్న పాత నమ్మకం అక్కడితో చెల్లిపోయింది. హాస్టల్ రౌటర్‌లో మాత్రం ఎవరూ సెట్టింగ్ మార్చలేదు.

దీని ప్రభావం రెండు పేర్లున్న రౌటర్‌లో బాగా కనిపిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి ఒక వైఫై పేరు, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి ఇంకో పేరు పెడతారు. వెనక అడ్రస్‌లు పంచేది మాత్రం ఒకటే. ముందైతే ఫోన్ ఏ పేరుతో వచ్చినా అదే మ్యాక్, అదే అడ్రస్. ఇప్పుడు గదిలో ఒక పేరుతో, మెట్ల దగ్గర ఇంకో పేరుతో చేరిన ఒకే ఫోన్ రౌటర్ కంటికి ఇద్దరు మనుషులు. రెండు అడ్రస్‌లు తీసుకుంటుంది.

లెక్క వేసి చూద్దాం. ఒక అంతస్తులో 24 మంది ఉన్నారు. 24 ఫోన్లు, 8 ల్యాప్‌టాప్‌లు కలిపి 32. వాటిలో 15 ఫోన్లు ఒకే రోజు రెండు పేర్లూ వాడాయి, దాంతో 47. నిన్న సాయంత్రం ముగ్గురు స్నేహితులు వచ్చి, వైఫై వాడుకుని వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు ఫోన్లు సాధారణంగా అడ్రస్‌ని తిరిగి అప్పజెప్పవు, గడువు తీరేదాకా అది వాళ్ల పేరు మీదే ఉంటుంది. అంటే 50. ఉదయం పదకొండుకి అందరూ కోచింగ్‌కి పోయి, నిజంగా కనెక్ట్ అయి ఉన్నవి పది డివైజులే కావచ్చు. అయినా కొత్త ఫోన్‌కి ఇవ్వడానికి ఒక్క అడ్రస్ కూడా మిగలదు. పాత ఫోన్ తిరిగొస్తే దాని అద్దె ఇంకా నడుస్తోంది కాబట్టి వెంటనే చేరిపోతుంది. పక్క మంచం అబ్బాయికి వచ్చి కొత్త కుర్రాడికి రాకపోవడానికి కారణం ఇదే. అతని ఫోన్‌లో ఏ లోపమూ లేదు.

రౌటర్ ఆపి ఆన్ చేస్తే బాగవుతుందని మేనేజర్లు చెప్పేది నిజమే. చాలా రౌటర్లలో అద్దె పట్టిక తాత్కాలిక మెమరీలో ఉంటుంది, కరెంటు తీస్తే చెరిగిపోతుంది. మళ్ళీ నిండడానికి పెద్దగా టైమ్ పట్టదు.

నిండింది ఏ లిమిటో తెలుసుకోవడం కష్టం కాదు. లోపలున్న రెండు ఫోన్లలో వైఫై ఆపేయించి, వెంటనే కొత్త ఫోన్‌తో ప్రయత్నించాలి. చేరిందంటే నిండింది రేడియో వైపు. అప్పటికీ చేరక, అడ్రస్ కోసం చూస్తూ ఆగిపోతే నిండింది అడ్రస్‌ల పట్టిక. ల్యాప్‌టాప్‌లో అయితే `169.254`తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తుంది, అంటే రౌటర్ నుంచి ఏమీ రాక అది సొంతంగా పెట్టుకుంది. రౌటర్ లాగ్ చూడగలిగితే, చాలా రౌటర్లలో ఉండే డీఎన్ఎస్‌మాస్క్ ప్రోగ్రామ్ ఇంకా సూటిగా రాస్తుంది:

```
no address available
```

పట్టిక నిండినప్పుడు మనిషికి ఒక డివైజే అన్న రూల్ పెద్దగా ఉపయోగపడదు, ఆ ఒక్క ఫోనే రెండు అడ్రస్‌లు తీసుకుంటోంది కదా. మ్యాక్ రాయించుకుని లిస్టులో ఉన్నవాటినే రానిచ్చే హాస్టళ్లలో అయితే ఇంకా చిక్కు. ఫోన్ వివరాల్లో కనిపించే ఫ్యాక్టరీ మ్యాక్ రాసిస్తే, ఫోన్ కల్పిత మ్యాక్‌తో వచ్చి బయటే ఆగిపోతుంది. కల్పిత మ్యాక్ ఆపేయమని అద్దెకుండేవాళ్లని అడగడం కూడా నాకు సబబుగా అనిపించదు. వాళ్ల రక్షణ తీసేయించే బదులు రౌటర్ పేజీలో మూడు చోట్ల మారిస్తే చాలు. అద్దెకిచ్చే అడ్రస్‌లను 50 నుంచి 150కి పెంచాలి, గడువును రెండు గంటలకి తగ్గించాలి, రెండు బ్యాండ్లకీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

యాజమాన్యం మాట నిలిచే సందర్భం ఒకటుంది. రాత్రి పదికి అందరూ గదుల్లో ఉన్నప్పుడు మాత్రమే కొత్త ఫోన్ ఆగిపోయి, ఎవరో ఒకరు వైఫై ఆపగానే చేరితే, అది రేడియో లిమిటే. పట్టిక ఎంత పెంచినా అక్కడ ప్రయోజనం ఉండదు. ఆ అంతస్తుకి ఇంకో యాక్సెస్ పాయింట్, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే ఇంకో పెట్టె కొనాలి. కొనేదాకా డివైజులు తగ్గించుకోమని అడగడంలో న్యాయం ఉంది.