ఒప్పందం బీరువాలో, ఆర్టికల్స్ రిజిస్ట్రార్ దగ్గర

జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి పారిశ్రామిక వాడల్లో అన్నదమ్ములో, బావాబావమరుదులో, కలిసి చదువుకున్న స్నేహితులో పెట్టుకున్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు చాలా ఉన్నాయి. అలాంటి కంపెనీల్లో తరచుగా రెండు రకాల కాగితాలు కనిపిస్తాయి. ఒకటి స్టాంపు పేపరు మీద రాసుకున్న ఒప్పందం. ఎవరైనా వాటా అమ్ముకోవాలంటే ముందు మిగతావాళ్లనే అడగాలనీ, వాళ్లు వద్దంటేనే బయటికి పోవాలనీ అందులో ఉంటుంది. పెద్దమనుషుల ముందు సంతకాలు పెట్టి బీరువాలో దాచిపెడతారు. రెండోది కంపెనీ పెట్టినప్పుడు ఆడిటర్ తయారుచేసి రిజిస్ట్రార్‌కు సమర్పించిన మెమోరాండం, ఆర్టికల్స్. దీన్ని చదివినవాళ్లు అరుదు. గొడవ వచ్చినప్పుడు చాలామంది మొదటి కాగితం పట్టుకుని వకీలు దగ్గరికి పరుగెత్తుతారు. వకీలు మాత్రం రెండోది అడుగుతాడు. ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే నూట ఎనభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1844కు ముందు ఇంగ్లండులో రాజముద్రతోనో పార్లమెంటు చట్టంతోనో తప్ప కంపెనీ పుట్టేది కాదు. అంత ఖర్చు భరించలేని వ్యాపారులు ఒక పెద్ద దస్తావేజు రాసుకునేవారు. సొమ్ము ఎవరి చేతిలో ఉండాలి, లెక్కలు ఎవరు చూడాలి, వాటా ఎలా చేతులు మారాలి అన్నీ అందులోనే ఉండేవి. వాటాదారులు దాని మీద సంతకం పెట్టి ముద్ర వేసేవారు. కాబట్టి వాళ్ల మీద దాని కట్టుబాటు మామూలు ఒప్పందం కట్టుబాటే. 1844 చట్టం ఆ దస్తావేజును రిజిస్టరు చేసుకునే వీలు కల్పించింది. 1856 చట్టం దాన్ని రెండు ముక్కలు చేసింది. కంపెనీ పేరేమిటి, ఏ పని కోసం పుట్టింది, వాటాదారుల బాధ్యత ఎంతవరకు అని బయటి ప్రపంచానికి చెప్పేది మెమోరాండం. ఇంటి లోపలి కాపురం ఎలా నడవాలో చెప్పేది ఆర్టికల్స్.

అయితే వాటాలు రోజూ చేతులు మారే కంపెనీలో కొత్తగా వచ్చిన ప్రతివాడి చేతా సంతకం పెట్టించడం కుదరని పని. అందుకే చట్టం ఒక కల్పన చేసింది. ప్రతి వాటాదారూ స్వయంగా సంతకం చేసి ముద్ర వేసినట్టే లెక్క అంది. అక్కడ ఒక చిన్న పొరపాటు దొర్లింది. సభ్యుడు సంతకం చేసినట్టు అన్నారు గానీ కంపెనీ కూడా చేసినట్టు అనలేదు. మరి కంపెనీ తన ఆర్టికల్స్‌కు కట్టుబడి ఉందా లేదా అని ఇంగ్లీషు కోర్టులు దశాబ్దాల పాటు తర్జనభర్జన పడ్డాయి. ఆ వాక్యాన్ని అక్కడ సరిదిద్దుకున్నది 2006లో. మన 1956 చట్టం 36వ సెక్షన్ అంతకు యాభై ఏళ్ల ముందే కంపెనీ, ప్రతి సభ్యుడూ ఇద్దరూ సంతకం చేసినట్టే అని స్పష్టంగా రాసింది. ఇప్పటి 2013 చట్టం 10వ సెక్షన్‌ది కూడా అదే మాట.

హైదరాబాద్‌కు ఈ వ్యవహారం కొత్తదేమీ కాదు. నిజాం రాజ్యానికి సొంత కంపెనీల చట్టం ఉండేది. సింగరేణి కాలరీస్ 1920లో కంపెనీగా నమోదైంది ఆ చట్టం కిందే. ఇప్పుడు దేశమంతటికీ ఒకటే చట్టం. ఇక్కడి రిజిస్ట్రార్ ఆఫీసు నాగోల్ దాటాక బండ్లగూడలో ఉంది.

ఈ కట్టుబాటు సభ్యుడిగా ఉన్న హక్కులకే వర్తిస్తుంది. దానికి 1876 నాటి ఈలీ కేసును ఇప్పటికీ చెబుతారు. ఒక బీమా కంపెనీ తన ఆర్టికల్స్‌లోనే ఫలానా ఆయన కంపెనీకి జీవితాంతం న్యాయవాదిగా ఉంటాడని రాసుకుంది. తర్వాత ఆయన వాటాదారు కూడా అయ్యాడు. కొన్నాళ్లకు కంపెనీ ఆయనకు పని ఇవ్వడం మానేసింది. ఆర్టికల్స్ చూపించి కోర్టుకెక్కితే ఓడిపోయాడు. ఆయన అడిగింది వాటాదారు హక్కు కాదు, వకీలు ఉద్యోగం. మన కుటుంబ కంపెనీల్లో ‘పెద్దోడి కొడుక్కే పర్చేజ్ మేనేజర్ పోస్టు’ అని ఆర్టికల్స్‌లో రాసినా గతి ఇదే. అది కావాలంటే వేరే నియామక ఒప్పందం రాసుకోవాలి.

ఇక బీరువాలో కాగితం సంగతి. దీని మీద సుప్రీంకోర్టు తీర్పు వి.బి. రంగరాజ్ కేసులో వచ్చింది, అది 1992 లా రిపోర్టుల్లో అచ్చయింది. నాయుడు కుటుంబానికి చెందిన ఇద్దరు అన్నదమ్ముల ప్రైవేట్ కంపెనీ అది. మొత్తం 50 షేర్లు, చెరి సగం. రెండు శాఖల వాటాలూ ఎప్పటికీ సమానంగా ఉండాలనీ, ఎవరైనా అమ్మితే ముందు తమ శాఖవాళ్లకే ఇవ్వాలనీ 1951లో నోటిమాటగా అనుకున్నారు. తర్వాతి తరంలో ఒకరు తన వాటాలు అవతలి శాఖకు అమ్మేశారు. సొంత శాఖవాళ్లు కోర్టుకెళ్లారు. కింది కోర్టుల్లో గెలిచారు కూడా. సుప్రీంకోర్టు మాత్రం ఆ ఆంక్ష ఆర్టికల్స్‌లో లేదు కాబట్టి కంపెనీనీ కట్టదు, వాటాదారులనూ కట్టదు అంది. మాట నిజంగా జరిగిందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాలేదు. మాట ఉన్నా చెల్లదన్నది తీర్పు.

ఈ తీర్పు మీద విమర్శలు లేకపోలేదు. వాటాదారులు తమలో తాము చేసుకున్న ఒప్పందం కనీసం వాళ్లనైనా ఎందుకు కట్టకూడదని చాలామంది అడిగారు. 2012లో వొడాఫోన్ పన్ను కేసులో సుప్రీంకోర్టే రంగరాజ్ తీర్పులోని అభిప్రాయంతో ఏకీభవించలేకపోతున్నానని రాసింది, కానీ ఆ కేసు తేల్చడానికి ఆ మాట అవసరం లేదు. 2013 చట్టం 58వ సెక్షన్ పబ్లిక్ కంపెనీల వాటాల బదిలీ మీద చేసుకున్న ఒప్పందాలు చెల్లుతాయని చెప్పింది. ప్రైవేట్ లిమిటెడ్ గురించి ఆ మాట అనలేదు. కాబట్టి జీడిమెట్ల కంపెనీకి ఇప్పటికీ క్షేమమైన దారి ఒక్కటే, ఒప్పందంలోని షరతును ఆర్టికల్స్‌లోకి ఎక్కించడం. ఎక్కిస్తే ఎంత గట్టిగా నిలబడుతుందో టాటా సన్స్ వివాదంలో చూశాం. వాటాల బదిలీకి సంబంధించిన కఠినమైన 75వ ఆర్టికల్‌ను టాటాలు వాడకుండా కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ కట్టడి చేసింది. 2021లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. అవతలి పక్షమైన మిస్త్రీ కుటుంబం చేతిలో 18 శాతం పైన వాటా ఉన్నా ఫలితం లేకపోయింది.

ఎక్కించడం ఎలాగో ఊహించిన ఒక కంపెనీతో లెక్క వేసి చూద్దాం. అన్న చేతిలో 45 వేల షేర్లు, తమ్ముడి చేతిలో 25 వేలు, వాళ్లిద్దరితో కలిసి మొదలుపెట్టిన స్నేహితుడి చేతిలో 30 వేలు ఉన్నాయనుకోండి. ఆర్టికల్స్‌కు చట్టంలో ఇచ్చిన నమూనా, అంటే టేబుల్ ఎఫ్‌ను దించేశారు. ఆ నమూనా ప్రకారం డబ్బు పూర్తిగా కట్టని షేరును, లేదా కంపెనీకి బాకీ హక్కు ఉన్న షేరును బదిలీ చేస్తేనే బోర్డు కాదనగలదు. వీళ్ల షేర్లకు డబ్బు ఎప్పుడో కట్టేశారు. స్నేహితుడు బయటి కొనుగోలుదారును తీసుకొస్తున్నాడని విని అన్నదమ్ములు ఖంగారు పడి, ముందు మిగతా వాటాదారులకే ఇవ్వాలన్న షరతు ఇప్పుడైనా పెడదామనుకున్నారు.

14వ సెక్షన్ ప్రకారం ఆర్టికల్స్ మార్చడానికి ప్రత్యేక తీర్మానం కావాలి. ముందు బోర్డు కూర్చుని సభ పిలవాలి. మామూలుగా 21 స్పష్టమైన రోజుల ముందు నోటీసు పంపాలి. నోటీసు పంపిన రోజూ సభ జరిగే రోజూ లెక్కలోకి రావు. నోటీసులో ప్రతిపాదించిన వాక్యం యథాతథంగా ఉండాలి, ఎందుకు మారుస్తున్నారో వివరణ జతచేయాలి. ఓటింగ్‌లో అనుకూలమైన ఓట్లు వ్యతిరేకమైన వాటికి కనీసం మూడు రెట్లు ఉండాలి. అన్నదమ్ములిద్దరివీ కలిపి 70 వేలు. స్నేహితుడు సభకు వచ్చి వ్యతిరేకంగా ఓటేస్తే 30 వేలకు మూడు రెట్లు 90 వేలు. తీర్మానం పడిపోతుంది. అతను సభకు రాకపోతే వ్యతిరేక ఓట్లు సున్నా, 70 వేలతో నెగ్గుతుంది. ఎందుకంటే లెక్కలోకి వచ్చేది పడిన ఓట్లే, కంపెనీలోని మొత్తం షేర్లు కావు. నోటీసును పట్టించుకోని వాటాదారు నష్టపోయేది ఇక్కడే. ఇంకొకటి, సరిగ్గా 25 శాతం ఉన్నవాడు దీన్ని అడ్డుకోలేడు. 75 అనేది 25కు మూడు రెట్లు, అంటే తీర్మానం నెగ్గుతుంది. అడ్డుకోవాలంటే పడిన ఓట్లలో 25 శాతం దాటాలి.

తీర్మానం నెగ్గాక రిజిస్ట్రార్‌కు MGT-14 ఫారం పంపాలి. ప్రత్యేక తీర్మానాలకు 30 రోజుల గడువుంది, మారిన ఆర్టికల్స్ ప్రతికి 14వ సెక్షన్ 15 రోజులే ఇస్తుంది. ఈ రెండింటి మధ్య కుస్తీ పడకుండా 15 రోజుల్లోపే పంపితే ఏ తలనొప్పీ ఉండదు. ఆ తర్వాత ఇచ్చే ప్రతి ఆర్టికల్స్ కాపీలోనూ మార్పు కనిపించాలి.

సంఖ్యాబలం ఉన్నంత మాత్రాన ఏదైనా రాయొచ్చని కాదు. 1900లో అలెన్ కేసు తీర్పు ఈ హద్దును గీసింది. ఒక గనుల కంపెనీలో వాటాదారు చనిపోయాడు. ఆయన దగ్గర డబ్బు పూర్తిగా కట్టిన షేర్లున్నాయి, మిగతా షేర్ల మీద కంపెనీకి బాకీ కూడా ఉంది. పూర్తిగా డబ్బు కట్టిన షేర్ల మీద కూడా కంపెనీ బాకీ పట్టుకునేలా ఆర్టికల్స్ మార్చారు. అలాంటి షేర్లున్నది ఆయన ఒక్కడికే. అయినా కోర్టు ఒప్పుకుంది, మార్పు కంపెనీ మొత్తం మేలు కోసం చిత్తశుద్ధితో చేసినదే అని. అదే గీటురాయి ఇప్పటికీ వాడుతున్నారు. మన ఉదాహరణలో ‘ముందు మిగతా వాటాదారులకే’ అన్న షరతు ముగ్గురినీ ఒకేలా కడుతుంది కాబట్టి నిలిచే అవకాశం ఎక్కువ. స్నేహితుడి షేర్లను అన్న చెప్పిన ధరకే తీసుకోవాలని రాస్తే మాత్రం అది అణచివేత కింద కంపెనీ లా ట్రిబ్యునల్ మెట్లెక్కుతుంది. 241వ సెక్షన్ కింద అక్కడికి వెళ్లడానికి మామూలుగా పదో వంతు వాటా ఉన్నా చాలు, అతని దగ్గర పదింట మూడు వంతులుంది.

బదిలీ కాగితాలు ఇప్పటికే కంపెనీకి చేరిపోయి ఉంటే పరిస్థితి ఇంకా ఇరుకు. ప్రైవేట్ కంపెనీ బోర్డు కాదనాలనుకుంటే 30 రోజుల్లో కారణాలతో నోటీసివ్వాలి, ఆ కారణం ఆర్టికల్స్‌లో ఉండాలి. రేపు రాబోయే సవరణను చూపించి ఇవాళ కాదనడం కష్టం.

కొత్తగా కంపెనీ పెడుతున్నవాళ్లు 5వ సెక్షన్‌లోని ఒక వెసులుబాటును గమనించాలి. కొన్ని ఆర్టికల్స్‌ను ప్రత్యేక తీర్మానం కంటే కఠినమైన పద్ధతిలోనే, ఉదాహరణకు అందరి సమ్మతితోనే మార్చగలిగేలా కట్టుదిట్టం చేసుకోవచ్చు. ప్రైవేట్ కంపెనీలో ఇది మొదట్లోనే చేయొచ్చు, లేదా తర్వాత సభ్యులందరూ ఒప్పుకుంటే. దాన్ని రిజిస్ట్రార్‌కు తెలియజేయాలి. తక్కువ వాటా ఉన్న భాగస్వామికి ఇంతకంటే గట్టి రక్షణ కనిపించదు. కానీ చట్టానికి ఎదురెళ్లే ఆర్టికల్ చెల్లదు. డైరెక్టర్‌ను మామూలు తీర్మానంతో తొలగించేందుకు చట్టం ఇచ్చిన అధికారాన్ని ఇంత కట్టుదిట్టమూ తీసేయలేదు.

ఇప్పటికే నడుస్తున్న కంపెనీలో మీ షరతు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఎవర్నీ బతిమాలనక్కర్లేదు. సభ్యుడు అడిగితే ఏడు రోజుల్లో ఆర్టికల్స్ కాపీ ఇవ్వాల్సిందే. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో నూరు రూపాయలు కట్టినా పత్రాలన్నీ చూడొచ్చు. అక్కడ మొదటి ఆర్టికల్స్ తర్వాత వచ్చిన MGT-14 ఫారాలను ఒక్కొక్కటీ తెరవండి. ‘ఆర్టికల్స్‌ను ఈ ఒప్పందానికి తగ్గట్టు మార్చుకుంటాం’ అని ఒప్పందంలో ఉండి, ఆ తేదీ తర్వాత అలాంటి ఫారం ఒక్కటీ కనబడకపోతే ఆ షరతు ఇంకా బీరువాలోనే ఉంది.