సాంపుల్ పెద్దదైతే గుణకం సరైనదైపోతుందా? లీస్ట్ స్క్వేర్స్ మీద అపోహలు - వాస్తవాలు

రిగ్రెషన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా రెండు రకాలు. కొందరు భయంతో వస్తారు: "రెసిడ్యువల్స్ నార్మల్‌గా రావట్లేదు సార్, ఫలితాలు చెల్లవంటున్నారు." ఇంకొందరు ధీమాగా వస్తారు: "లక్ష మంది డేటా ఉంది, ఇంక అనుమానం దేనికి?" భయపడేవాళ్లకు చాలాసార్లు భయపడాల్సిన పనే ఉండదు. దెబ్బ తినేది ధీమాగా ఉన్నవాళ్లే.

అపోహ: ఎర్రర్ నార్మల్ కాకపోతే రిగ్రెషన్ చెల్లదు

ఈ పుకారు ఎక్కడ పుట్టిందో గానీ, దీనివల్ల పిల్లలు వారాల తరబడి నిద్ర మానుకోవడం చూశాను. ఒకమ్మాయి మూడు వారాల పాటు లాగ్ తీసి, వర్గమూలం తీసి, చివరికి తను అడగాలనుకున్న ప్రశ్నే మారిపోయేంతగా y ని మార్చేసింది. ఆమె దగ్గర నాలుగు వేల వరుసల డేటా ఉంది. ఆ కష్టమంతా అక్కర్లేనిది.

x నుంచి, y నుంచి సగటు తీసేశామనుకోండి. లీస్ట్ స్క్వేర్స్ ఇచ్చే గుణకం b కీ, అసలు గుణకం β కీ మధ్య తేడా ఇంతే:

```
b − β = (Σ xᵢuᵢ / n) / (Σ xᵢ² / n)
```

u అంటే ఎర్రర్. పైన ఉన్నది xᵢuᵢ ల సగటు. సెంట్రల్ లిమిట్ థియరం పని చేసేది ఆ సగటు మీద. u నార్మల్ కావాలని అది అడగదు, y నార్మల్ కావాలనీ అడగదు. xᵢuᵢ ల అసలు సగటు సున్నా అయి, వాటికి పరిమితమైన వేరియన్స్ ఉండి, ఏ ఒకటి రెండు పరిశీలనలూ మొత్తాన్ని శాసించకుండా ఉంటే, √n తో గుణించిన ఆ తేడా నార్మల్‌కు దగ్గరవుతుంది. నార్మల్ అయ్యేది b, డేటా కాదు. n ఎంత పెరిగినా వంకర ఎర్రర్ వంకరగానే ఉంటుంది. కొత్తగా వచ్చే ఒక్క వ్యక్తి y ఏ హద్దుల్లో పడుతుందో చెప్పాలంటే మాత్రం ఎర్రర్ ఆకారం ముఖ్యమే. అక్కడ ఈ థియరం ఆదుకోదు.

అపోహ: సాంపుల్ పెద్దదైతే గుణకం సరైనదే

అసలు నష్టం చేసేది ఇది. కన్సిస్టెన్సీ అనే మాటను చాలామంది "n పెరిగితే నిజానికి చేరతాం" అని గుర్తుపెట్టుకుంటారు. ఏ నిజానికి? పై సూత్రాన్నే మళ్లీ చూడండి. n పెరిగే కొద్దీ xᵢuᵢ ల సగటు వాటి అసలు సగటైన E[xu] కి చేరుతుంది. అది సున్నా అయితేనే b మనం కోరుకున్న β కి చేరుతుంది. కాకపోతే b ఇంకో సంఖ్యకు, అంతే నమ్మకంగా, అంతే వేగంగా చేరుతుంది. n కి E[xu] తో ఏ సంబంధమూ లేదు.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. వారానికి ఎన్ని గంటలు చదివారో విద్యార్థుల్ని అడిగాం, మార్కులతో పోల్చాం. వాళ్లు చెప్పేది జ్ఞాపకం నుంచి, కాబట్టి అందులో పొరపాటు ఉంటుంది. లెక్క తేలిగ్గా ఉండడానికి నిజమైన గంటల వేరియన్స్ 1, జ్ఞాపకంలోని పొరపాటు v వేరియన్స్ 0.25, అసలు వాలు 2, మార్కుల్లోని ఎర్రర్ e వేరియన్స్ 1 అనుకుందాం. ఇవన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. చెప్పిన గంటల్ని x గా వాడితే, β = 2 కి మిగిలే ఎర్రర్ e − 2v అవుతుంది. x లోనూ v ఉంది. అందుకే x, u ల కోవేరియన్స్ −0.5. దాన్ని x వేరియన్స్ 1.25 తో భాగిస్తే −0.4. అంటే b చేరేది 2 కి కాదు, 1.6 కి.

ఇక్కడ స్టాండర్డ్ ఎర్రర్ దాదాపు 1.2/√n. n = 25 అయితే 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సుమారు 1.6 కి అటూ ఇటూ 0.47. అలాంటి సాంపుల్స్ పదే పదే తీస్తే సగానికి పైగా ఇంటర్వెల్స్‌లో 2 ఉంటుంది. n = 10,000 అయితే ఇంటర్వెల్ 1.576 నుంచి 1.624 దాకా. పది లక్షలకు వెళ్తే 1.5976 నుంచి 1.6024. చిన్న సాంపుల్ పట్టుకున్న నిజాన్ని పెద్ద సాంపుల్ జారవిడిచింది. నమ్మకం కలగకపోతే మీరే నడిపి చూడండి:

```r
n  <- 1e6
xs <- rnorm(n)
x  <- xs + rnorm(n, sd = 0.5)
y  <- 2 * xs + rnorm(n)
confint(lm(y ~ x))
```

ఇందులో రెసిడ్యువల్స్ గీసి చూస్తే చక్కగా నార్మల్‌గా ఉంటాయి, ఏ వంపూ కనిపించదు. రెసిడ్యువల్స్‌కీ x కీ కోరిలేషన్ చూద్దామా అంటే, అది ఎప్పుడూ సున్నాయే. లీస్ట్ స్క్వేర్స్ దాన్ని సున్నా చేసే b నే ఎంచుకుంటుంది. కాబట్టి E[xu] సున్నా అవునో కాదో రెసిడ్యువల్స్ ఎన్నటికీ చెప్పలేవు. డేటా ఎలా పుట్టిందో తెలిసిన మనిషి చెప్పాల్సిందే.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఇలాంటి డేటాతోనే నేనూ ఒక నివేదిక రాశాను. ఇంటర్వెల్ వెంట్రుకంత సన్నగా ఉందని ధైర్యంగా సంతకం పెట్టాను. తర్వాత కొద్దిమంది చేత రోజూ గంటలు రాయించి చూస్తే, వాలు నేను చెప్పినదానికంటే బాగా ఎక్కువగా వచ్చింది. అప్పటి నుంచి స్టాండర్డ్ ఎర్రర్ కంటే ముందు x ఎలా కొలిచారని అడుగుతాను.

1.6 అబద్ధపు సంఖ్య కాదు. "చెప్పిన గంటలు" తెలిస్తే మార్కుల్ని సరళరేఖతో అంచనా వేయడానికి అదే ఉత్తమమైన వాలు. పెద్ద సాంపుల్ సిద్ధాంతం నిజంగా హామీ ఇచ్చేది దానికే. గంట ఎక్కువ చదివితే మార్కులు ఎంత పెరుగుతాయన్నది వేరే ప్రశ్న.

మిగిలినవి, క్లుప్తంగా

"రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్స్ వాడాం కదా." 1980లో ఆర్థికశాస్త్రవేత్త హాల్బర్ట్ వైట్ ఇచ్చిన ఆ సూత్రం, u వేరియన్స్ x తో మారుతున్నప్పుడు ఇంటర్వెల్ వెడల్పును సరిచేస్తుంది. దాని నడిమి బిందువును తాకదు. మన ఉదాహరణలో వాడినా 1.6 ఎక్కడికీ కదలదు.

"n ముప్ఫై దాటితే చాలు." అలాంటి గీత ఏదీ లేదు. పదివేల వరుసల్లో ఒక డమ్మీ ఐదుగురికే 1 అయితే, దాని గుణకం ఆ ఐదుగురి సగటుకూ మిగతావాళ్ల సగటుకూ తేడా మాత్రమే. సెంట్రల్ లిమిట్ థియరానికి అక్కడ దొరికింది ఐదుగురే. `hatvalues()` చూస్తే వాళ్ల లెవరేజ్ 0.2 గా బయటపడుతుంది, మిగతావాళ్లది సుమారు 0.0001. తరగతుల వారీగా కలిసి ఉన్న డేటాలోనూ అంతే. ఒకే తరగతి వాళ్ల ఎర్రర్లు కలిసి కదులుతుంటే లెక్కపెట్టాల్సింది తరగతుల్ని, పిల్లల్ని కాదు.

మరి ఏం చేయాలి?

చదువు గంటల సమస్యకు ఇంకో పది లక్షల మందిని అడగడం మందు కాదు. ఓ రెండు మూడు వందల మందిని, మొదటి జవాబు గుర్తుండనంత ఎడం ఇచ్చి, అదే వారం గురించి మళ్లీ అడగండి. రెండుసార్లు చేసిన పొరపాట్లకు ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే, రెండు జవాబుల కోరిలేషన్ మన ఉదాహరణలో 1/1.25, అంటే 0.8 దగ్గర వస్తుంది. 1.6 ని 0.8 తో భాగిస్తే 2. ఈ 0.8 కూడా సాంపుల్ నుంచి వచ్చిన అంచనాయే కాబట్టి తుది ఇంటర్వెల్ వెడల్పవుతుంది. వెడల్పవనివ్వండి, అది 2 చుట్టూ ఉంటుంది. గంటలు పెంచి చెప్పేవాళ్లు రెండుసార్లూ పెంచే చెబితే మాత్రం పొరపాట్లు కలిసి కదులుతాయి, కోరిలేషన్ ఉండాల్సినదానికంటే ఎక్కువొస్తుంది, దిద్దుబాటు సగంలో ఆగిపోతుంది. అలాంటి అనుమానం ఉన్నచోట రెండోసారి అడగడం మానేసి, రోజూ రాయించిన పుస్తకంతో పోల్చండి.