అమోనియా సాంపిల్‌కు ఐస్ ఒక్కటే చాలదు

"అమోనియా పరీక్షకు రక్తాన్ని ఐస్‌లో పెట్టే పంపాం కదండీ, ఇంకేం కావాలి?" అన్న ప్రశ్న బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసే నాకు తరచుగా ఎదురవుతుంది. ఈ రంగంలోని అపోహలన్నిటిలోకీ రోగికి ఎక్కువ నష్టం చేసేది ఇదే.

ఐస్ అమోనియా పెరుగుదలను నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. రక్తం తీశాక కూడా ట్యూబులో ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి, గ్లుటమిన్ వంటి వాటి నుంచి అమోనియా విడుదలవుతూనే ఉంటుంది. పైగా ప్లాస్మాలో కన్నా ఎర్రకణాలలో అమోనియా ఎక్కువ కాబట్టి, కొద్దిపాటి హీమోలిసిస్, అంటే ఎర్రకణాలు పగలడం, జరిగినా ఫలితం పెరిగిపోతుంది. అందుకే రక్తం గడ్డకట్టకుండా చేసే ఈడీటీఏ ట్యూబును నలగ్గొట్టిన ఐస్, నీళ్లు కలిపిన గిన్నెలో మునిగేలా ఉంచి, వీలైతే 15 నిమిషాల్లో చల్లని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లాస్మాను వేరుచేసి, వెంటనే పరీక్షించాలి. గడ్డకట్టించిన జెల్ ప్యాక్‌ను ట్యూబుకు ఆనించి పెడితే రక్తమే మంచుగడ్డలా మారి, కణాలు పగిలిపోతాయి.

ఒక చిన్న పట్టణం నుంచి నాలుగేళ్ల పాప సాంపిల్ కొరియర్ పెట్టెలో మా దగ్గరికి వచ్చింది. రక్తం తీసినప్పటి నుంచి మూడు గంటలు దాటింది, ప్లాస్మా వేరుచేయలేదు, తిప్పి చూస్తే పైన లేత ఎరుపు. అలాంటి సాంపిల్‌ను తిరస్కరించవలసింది పోయి, అంతకుముందు మరొక ల్యాబ్ అదే పద్ధతిలో వెళ్లిన సాంపిల్‌కు లీటరుకు 160 మైక్రోమోల్స్ అని రిపోర్టు ఇచ్చింది. పిల్లల్లో 50 దాటితేనే ఆలోచించవలసిన పరీక్ష అది. ఇంటర్నెట్‌లో జన్యులోపాల గురించి చదివి ఆ తల్లి కుమిలిపోయింది. పాపనే పిలిపించి, చేతికి కట్టే పట్టీ, అదే టూర్నికేట్, బిగించకుండా రక్తం తీసి, అక్కడికక్కడే పరీక్షిస్తే 38 వచ్చింది. చల్లని సెంట్రిఫ్యూజ్ దగ్గరలో లేనప్పుడు సాంపిల్‌ను కాదు, రోగిని ల్యాబ్‌కు పంపడమే సరైన పని. అయితే పాప మగతగా ఉంటే, ఎక్కువ వచ్చిన అంకెను సాంపిల్ దోషమని కొట్టిపారేయకుండా, వైద్యం ఆపకుండానే వెంటనే మళ్లీ పరీక్షించాలి.

లాక్టేట్ పరీక్షకు ఇంత కంగారు అక్కర్లేదు. మామూలు ట్యూబులో కణాలు గ్లూకోజును వాడుకుంటూ లాక్టేట్‌ను పెంచుతాయి. బూడిదరంగు మూత ట్యూబులోని ఫ్లోరైడ్ ఆ చర్యను అణచివేస్తుంది, కాకపోతే రక్తం తీయగానే ట్యూబును నెమ్మదిగా తిరగేసి కలపాలి.

రక్తంలోని ఆక్సిజన్ వంటి వాయువులను కొలిచే బ్లడ్ గ్యాస్ పరీక్ష విషయంలో ఐస్ మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. ప్లాస్టిక్ సిరంజిని ఐస్‌లో పెడితే, గోడల గుండా ఆక్సిజన్ లోపలికి చేరి ఆక్సిజన్ పీడనాన్ని చూపే పీఓ2 అబద్ధంగా పెరగవచ్చు, పొటాషియం కూడా తప్పుగా ఎక్కువ రావచ్చు. గాలి బుడగలు తీసేసి, మూత బిగించి, గది ఉష్ణోగ్రతలోనే 30 నిమిషాల లోపు పరీక్షించాలి. తెల్లకణాలు విపరీతంగా ఉన్న లుకేమియా రోగుల్లో మాత్రం ఆ కణాలే ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి కాబట్టి, అంత వ్యవధి కూడా ఇవ్వకుండా రోగి మంచం పక్కనే పరీక్షించడం మంచిది.