సీలులో మారేడుకాయైన మామిడికాయ

చిత్తూరులో మా బావమరిది తోతాపురి మామిడి వ్యాపారం మొదలుపెట్టి, కొట్టు బోర్డు మీదికి మంచి లోగో గీయించుకున్నాడు. మామిడికాయ, దాని పక్కన ఈనెలతో సహా రెండు ఆకులు. బోర్డు మీద ముచ్చటగానే ఉంది. అదే బొమ్మతో రబ్బరు సీలు చేయించి రసీదు మీద కొట్టాడు. "మసి పూసి మారేడుకాయ చేసింది గదా బావా ఈ సీలు!" అని తల పట్టుకున్నాడు. సీలు చేసినాయన మీద కోపం. తప్పు ఆయనది కాదు.

బోర్డు మీద బొమ్మ వెడల్పు 60 సెంటీమీటర్లు, సీలులో 2. అంటే 30 రెట్లు చిన్నదైంది. బోర్డు మీద 6 మిల్లీమీటర్లున్న ఈనె 0.2కు వచ్చింది, ఈనెల మధ్య 9 ఉన్న సందు 0.3కు వచ్చింది. కంటికి ఇది కష్టమేమీ కాదు. అడుగు దూరంలో పట్టుకుంటే మంచి చూపున్నవాళ్లకు 0.1 మిల్లీమీటరు వివరం కూడా అందుతుంది. గోలంతా సిరాతో. సీలు నొక్కగానే సిరా గీత అంచులు దాటి కాగితంలోకి పాకుతుంది. ఒక్కో అంచున 0.1 అనుకుందాం. 0.2 గీత 0.4 అవుతుంది. 0.3 సందుకు రెండు వైపుల నుంచీ కోత పడి 0.1 మిగులుతుంది. చెయ్యి కాస్త గట్టిగా పడితే అదీ పూడిపోతుంది. గీతలు లావెక్కినా బొమ్మ బతుకుతుంది, సందులు పూడితే బతకదు. అందుకే సీలు కోసం గీసేటప్పుడు నేను ముందు తెల్లటి జాగాలే కొలుస్తాను.

తప్పు సిరాదా, బొమ్మదా అని తేల్చుకోవడం తేలికే. ప్యాడ్ మీద ఒక్కసారి అద్ది, మళ్లీ అద్దకుండా నాలుగైదు సార్లు కొట్టండి. మొదటిది మసకగా, నాలుగోది తేటగా పడితే ప్యాడ్‌లో సిరా ఎక్కువైనట్టు. నాలుగోదీ పూడే ఉంటే బొమ్మనే మార్చాలి.

ఈసారి తలకిందులుగా మొదలుపెట్టాం. ముందు 2 సెంటీమీటర్ల గడిలోనే గీశాం. ఒకటే ఆకు, దానికి నడి ఈనె ఒకటే, అదీ నల్లటి ఆకులో తెల్లటి చీలికగా. చీలిక 0.6 పెట్టాం, సిరా తిన్నాక 0.4 మిగులుతుందని. దాన్నే 30 రెట్లు పెంచితే బోర్డు మీద 18 మిల్లీమీటర్ల చీలిక వచ్చింది. దూరం నుంచి అదే బాగుంది.

బిల్లు మిషన్‌ది వేరే కథ. దాంట్లో సిరా ఉండదు, వేడికి కాగితమే నల్లబడుతుంది. మామూలు థర్మల్ ప్రింటర్‌కు మిల్లీమీటరుకు 8 చుక్కలు. పాత 0.2 గీతకు చుక్కన్నర చాలు, కానీ సగం చుక్క వేయడం దానికి చేతకాదు. అందుకే గీత ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా పడేది. బూడిదరంగు నీడలైతే ఇసుక చల్లినట్టు వచ్చేవి. కొత్త బొమ్మలో నలుపు, తెలుపు తప్ప ఇంకేం లేవు.

చివరికి పేరు దగ్గర పేచీ వచ్చింది. కొట్టు పేరులో 'లక్ష్మి' ఉంది, అది కాయ లోపలే ఉండాలంటాడు. అక్కడ అక్షరానికి దొరికేది 3 మిల్లీమీటర్లు. అందులో 'క్ష్మి' కింది ఒత్తులకు మిగిలేది ఒకటో, ఒకటింపావో. గుడి, క్ష, మ ఒత్తు అన్నీ కలిసి ఒకటే ముద్ద. రెండు రకాలుగా కొట్టి చూపించాక దిగొచ్చాడు. పేరు కాయ కిందికి దిగి, 5 మిల్లీమీటర్ల ఎత్తున విడిగా కూర్చుంది.