చదును కటకం పేచీ: అసలు మలుపు ఒక నల్లచుక్క

మెటాలెన్స్ అనే చదును కటకం వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ అదే పేచీ లేస్తోంది. గాజుపలక మీద తరంగదైర్ఘ్యం కన్నా చిన్న స్తంభాలు నిలబెట్టి, ఎక్కడికక్కడ కాంతి దశను కావలసినంత మార్చే పద్ధతి ఇది, మునుపెన్నడూ లేనిది అంటారు ఒక పక్షం వారు. పేరు మారింది గానీ ఇది నలుపు-తెలుపు వలయాలతో కాంతిని నాభికి చేర్చే పాత జోన్ ప్లేట్ సంతతే, దాని గుణాలూ దోషాలూ దీనికీ ఉంటాయి అంటారు రెండో పక్షం. 2019లో ఆప్టికా పత్రికలో వచ్చిన ఒక పరిశోధన వ్యాసం ఈ ప్రశ్నను నేరుగా శీర్షికలోనే పెట్టింది. అప్పటి నుంచీ తెగలేదు.

న్యూటన్ కణాలు, హైగెన్స్ తరంగాలు, యంగ్ చీలికలు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేద్దాం. ఈ పేచీకి పనికొచ్చే కథ 1818లో మొదలవుతుంది. పారిస్ శాస్త్ర అకాడమీ వివర్తనం మీద పెట్టిన పోటీకి అగస్టిన్ ఫ్రెనెల్ తన వ్యాసం పంపాడు. న్యాయనిర్ణేతల్లో ఒకడైన పాసాన్ తరంగ సిద్ధాంతాన్ని నమ్మేవాడు కాదు. ఈ లెక్క నిజమైతే గుండ్రటి బిళ్ల నీడ సరిగ్గా నడిమధ్యన వెలుగు చుక్క కనబడాలి, ఇదెక్కడి విడ్డూరం అన్నాడు. మరో న్యాయనిర్ణేత అరాగో చేసి చూశాడు. చుక్క ఉంది. 1819లో బహుమతి ఫ్రెనెల్‌కే దక్కింది.

ఈ వెలుగు చుక్క కథ పాఠ్యపుస్తకాల్లో అరిగిపోయింది. దాని తోబుట్టువు సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. అదే లెక్కను బిళ్లకు బదులు గుండ్రటి రంధ్రానికి వేస్తే, కొన్ని దూరాల్లో వెలుగు మధ్యన నల్లచుక్క పడుతుంది. నా దృష్టిలో నేటి గొడవంతటికీ తాళంచెవి ఆ నల్లచుక్కే.

ఎలాగో చూద్దాం. ఎర్రటి హీలియం-నియాన్ లేజర్ (632.8 నానోమీటర్లు) కాంతిని వెడల్పు చేసి, సమాంతర పుంజంగా, 1 మి.మీ. వ్యాసం ఉన్న రంధ్రం మీదికి పంపుదాం. తెర 40 సెం.మీ. దూరంలో ఉంటే (కచ్చితంగా 39.5) మధ్యన మంచి వెలుగు, అడ్డుపలకే లేనప్పటి కంటే 4 రెట్లు. తెరను దగ్గరికి జరుపుతూ రండి. సుమారు 20 సెం.మీ. దగ్గర నడిబొడ్డు నల్లబడుతుంది. మొదటిసారి చేసేవారు రంధ్రంలో దుమ్ము పడిందనుకుని తుడవడం మామూలే. దుమ్మైతే తెర జరిపినా మచ్చ పోదు. ఇది మాత్రం 13 సెం.మీ. దగ్గర మళ్లీ వెలుగుచుక్క అయిపోతుంది.

తెర మధ్య బిందువు నుంచి చూస్తూ రంధ్రాన్ని వలయాలుగా కోసుకున్నాడు ఫ్రెనెల్. ఒక్కో వలయం నుంచి వచ్చే దారి, దాని లోపలి వలయం దారి కంటే అర తరంగదైర్ఘ్యం ఎక్కువ. అందుకని పక్కపక్క వలయాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. రంధ్రంలో ఎన్ని వలయాలు పట్టాయో ఆ లెక్కే ఫ్రెనెల్ సంఖ్య:

```
N = a² / (λL)
```

ఇక్కడ `a` రంధ్రం వ్యాసార్ధం, `λ` కాంతి తరంగదైర్ఘ్యం, `L` తెర దూరం. 40 సెం.మీ. దగ్గర ఒకే వలయం, తోడు లేదు కాబట్టి వెలుగు. 20 దగ్గర రెండు, చెల్లుకు చెల్లు. 13 దగ్గర మూడు, ఒకటి మిగిలింది.

40 దాటి దూరం జరిపితే ఈ తారుమారు ఇక ఉండదు. 4 మీటర్ల దగ్గర `N` 0.1 మాత్రమే, అక్కడి నుంచి చిత్రం ఆకారం దాదాపు మారదు, దూరంతో పాటు పరిమాణం పెరుగుతుందంతే. అది సుదూర క్షేత్రం. వలయాలు లెక్కకొచ్చేంత దగ్గరైతే సమీప క్షేత్రం. ఇందులో మీటర్లు, సెంటీమీటర్లు తీర్పు చెప్పవు. అదే 40 సెం.మీ. దూరం 0.1 మి.మీ. రంధ్రానికి సుదూరం (`N` 0.01), 1 సెం.మీ. రంధ్రానికి మరీ సమీపం (`N` 100).

ఆ 1 సెం.మీ. రంధ్రం దగ్గరే ఆగుదాం. నూరు వలయాలు, జతజతలుగా చెల్లిపోయి మధ్యన చీకటి. చెరిపేసే వలయాలకు నల్లరంగు పూసేస్తే? మిగిలిన యాభై ఒకే తాళంలో కలుస్తాయి. మధ్య బిందువులో తీవ్రత అడ్డేమీ లేనప్పటి కంటే దాదాపు 10,000 రెట్లు. కటకం లేకుండానే నాభి వచ్చేసింది. అదే జోన్ ప్లేట్. రేలే 1871లో తన నోటుపుస్తకంలో ఈ ప్రయోగం రాసుకున్నాడు గానీ అచ్చు వేయలేదు. 1875లో సోరె అచ్చు వేశాడు కాబట్టి పేరు అతనికి వచ్చింది. (దీపస్తంభాల్లో వాడే మెట్లమెట్ల ఫ్రెనెల్ కటకం వేరు. అది గాజు వక్రీభవనంతో పనిచేస్తుంది, వలయాల దశలతో దానికి పని లేదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం కూడా పేచీని పెంచింది.)

మన ప్లేటులో మొదటి వలయం వ్యాసార్ధం 0.5 మి.మీ. `n`వ వలయం అంచు దానికి `√n` రెట్లు, కాబట్టి బయటికి పోయేకొద్దీ వలయాలు సన్నబడతాయి. నూరోది 0.025 మి.మీ. నాభిలో చుక్క ఎంత చిన్నదవుతుందన్నది దాదాపు ఈ చివరి వలయం మందమే తేలుస్తుంది. ఎక్స్‌రేలను బాగా వంచే గాజు లేదు కనుక ఎక్స్‌రే సూక్ష్మదర్శినిలో నేటికీ ఎక్కువగా జోన్ ప్లేటే దిక్కు. 2005 నాటికే బర్క్‌లీలో 15 నానోమీటర్లకు లోపు వివరం చూశారంటే ఆ చివరి వలయం చలవే.

నష్టాలూ అక్కడే ఉన్నాయి. మంచి కటకం నాభికి చేర్చే వెలుగులో నలుపు-తెలుపు ప్లేటు చేర్చేది పదో వంతే. మిగతాది కొంత నల్లరంగు తినేస్తుంది, కొంత నేరుగా పోతుంది, కొంత మూడో వంతు, ఐదో వంతు దూరాల్లో దొంగ నాభులుగా పడుతుంది. 1898లో ఆర్. డబ్ల్యూ. వుడ్ సరి వలయాలను మూసేయకుండా వాటి దశను తిప్పేశాడు. పదో వంతు కాస్తా నలభై శాతమైంది. కాంతిని ఆపడం మాని దశను దిద్దడమన్న ఆలోచన ఇది. దశను రెండు మెట్లలో కాక ఎన్నో మెట్లలో దిద్దితే ఇంకా పెరుగుతుంది. మెటాలెన్స్ స్తంభాలు చేసేదీ ఆ పనే. ఏ మెట్టు ఎంత ఎత్తున్నదనే దానికి బదులు ఏ స్తంభం ఎంత లావున్నదనేది చూస్తారు.

రంగు సంగతి వచ్చేసరికి కొత్త పక్షం వాదన ఇరుకున పడుతుంది. మన ప్లేటు నాభి 650 నానోమీటర్ల ఎరుపుకి 38 సెం.మీ. దగ్గర పడితే, 450 నానోమీటర్ల నీలానికి 56 దగ్గర పడుతుంది. చిత్రం చెడకుండా ఇలాంటి ప్లేటు ఎంత రంగు తేడా భరించగలదో చూస్తే, తరంగదైర్ఘ్యంలో సుమారు `1/N` వంతు. ఫోన్ కెమెరా సైజు తీసుకోండి: వ్యాసార్ధం 1 మి.మీ., నాభి 4 మి.మీ. ఆకుపచ్చకి `N` సుమారు 450. అంటే భరించేది నానోమీటరుకు కొంచెం పైన, కావలసింది కంటికి కనబడే 300 నానోమీటర్లు.

ఆ రంగు దోషాన్ని స్తంభాల ఆకారంతోనే సరిదిద్దామని 2018లో రెండు బృందాలు నేచర్ నానోటెక్నాలజీ పత్రికలో చూపించాయి. పని మెచ్చుకోదగ్గదే. కానీ ఆ కటకాలు మిల్లీమీటరు కన్నా చాలా చిన్నవి. 0.1 మి.మీ. వ్యాసార్ధం, 5 మి.మీ. నాభి ఉన్న కటకానికి లెక్క కట్టండి: `N` నాలుగు లోపే. మూడు నాలుగు వలయాలకు రంగు సరిదిద్దడం ఒక ఎత్తు, 450 వలయాలకు సరిదిద్దడం ఒక ఎత్తు. రంగు దోషం లేదని చెప్పే చదును కటకం గురించి ఈసారి వార్త వస్తే వ్యాసార్ధం, నాభి దూరం రెండూ వెతకండి. చాలా వార్తల్లో రెండోది ఉండదు.