గెజిట్‌లో పేరు కనబడగానే కంపెనీ మూతపడినట్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పోయిన ఏడాది హిందూపురం నుంచి ఒకాయన మా ఆఫీసుకొచ్చారు. అట్టపెట్టెలు చేసి ఇక్కడ పీణ్యలో ఒక యూనిట్‌కి సప్లై చేసేవారు. 6 లక్షల 40 వేలు బాకీ. ఫోన్‌లో ఒక పీడీఎఫ్ చూపించి, "కంపెనీ మూసేశారంట సార్, గెజిట్‌లో కూడా పడిందంట. ఇంక ఆ డబ్బుకి నీళ్లొదులుకోవాల్సిందేనా?" అని అడిగారు. పంపింది బాకీ పడ్డ కంపెనీ అకౌంటెంటే.

బెంగళూరులో కంపెనీ సెక్రటరీగా ప్రాక్టీసు చేస్తున్న నా దగ్గరికి ఇలాంటి పీడీఎఫ్‌లు నెలకొకటైనా వస్తాయి. గెజిట్ నకిలీ కావడం అరుదు. దాన్ని తప్పుగా చదవడమే ఎక్కువ.

అపోహ: కంపెనీ పేరు మారితే గెజిట్‌లో రావాలి. రాలేదంటే మారనట్టే.

మనుషుల పేర్ల దగ్గర మొదలైన గందరగోళం ఇది. పాస్‌పోర్టు కోసమో సర్టిఫికెట్ల కోసమో పేరు మార్చుకున్నవాళ్లు గెజిట్‌లో వేయించుకుంటారు కాబట్టి కంపెనీలకూ అదే పద్ధతనుకుంటారు. కంపెనీ దారి వేరు. వాటాదారులు ప్రత్యేక తీర్మానం చేస్తారు, కంపెనీల రిజిస్ట్రార్ ఆమోదించి కొత్త పేరుతో ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ ఇస్తారు. కంపెనీల చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఆ సర్టిఫికెట్ చేతికొచ్చాకే పేరు మారినట్టు. మామూలు పేరు మార్పుకి గెజిట్ అక్కర్లేదు. కాబట్టి ఎవరైనా "మా పేరు మారింది" అంటే అడగాల్సింది ఆ సర్టిఫికెట్.

పేరు మారినా సీఐఎన్, అంటే ఆ 21 అక్షరాల గుర్తింపు సంఖ్య, మారదు. ప్రైవేట్ కంపెనీ పబ్లిక్ అయితే మధ్యలో PTC ఉన్నచోట PLC వస్తుంది గానీ చివరి ఆరంకెలు అవే ఉంటాయి. పైగా పేరు మార్చుకున్న కంపెనీ రెండేళ్లపాటు బోర్డు మీద, లెటర్‌హెడ్ మీద పాత పేరు కూడా వేయాలి. ఎంతమంది వేస్తున్నారంటే, నేను చూసినంతలో చాలా తక్కువ.

అపోహ: గెజిట్‌లో కంపెనీ పేరు పడిందంటే మూతపడినట్టే.

హిందూపురం ఆయన పీడీఎఫ్‌ని పెద్దది చేసి చూశాం. పైన STK-5 అని ఉంది. కింద వందల కంపెనీల పట్టిక, ఒక్కోదానికి వరుస సంఖ్య, సీఐఎన్, పేరు. ఆయన ఇన్‌వాయిస్‌లో ఉన్న పేరు ఎంత వెతికినా కనబడలేదు. "మరి ఇందులో లేదు కదా సార్" అని ఆయన మొహం వెలిగిపోయింది. అప్పుడు పాత పర్చేజ్ ఆర్డర్ తెప్పించి, కాగితం అడుగున సన్న అక్షరాల్లో ఉన్న సీఐఎన్ పట్టుకుని వెతికితే దొరికింది, వేరే పేరుతో. పద్నాలుగు నెలల కిందటే పేరు మార్చుకున్నారు. ఈయనకు చెప్పనేలేదు.

ఇంతకీ STK-5 అంటే ఏమిటి? "ఈ కంపెనీలను రిజిస్టర్ నుంచి కొట్టేయాలనుకుంటున్నాం, అభ్యంతరాలుంటే 30 రోజుల్లో చెప్పండి" అని రిజిస్ట్రార్ వేసే ముందస్తు నోటీసు. అప్పటికి ఏదీ మూతపడలేదు. నిజంగా పేరు కొట్టేసి, కంపెనీ రద్దయిందని చెప్పేది STK-7. రెండూ గెజిట్‌లోనే వస్తాయి, రెండిట్లోనూ పట్టికలే ఉంటాయి. తేడా తెలియాలంటే పైనున్న ఫారం నంబరు చూడాలి, తర్వాత "కొట్టేయబోతున్నాం" అన్నారా "కొట్టేశాం" అన్నారా అని వాక్యం చదవాలి.

ఆయన వచ్చేసరికి నోటీసు పడి పందొమ్మిది రోజులైంది. పదకొండు రోజులే మిగిలాయి. ఇన్‌వాయిస్‌లు, సంతకాలున్న డెలివరీ చలాన్లు, లెడ్జర్ కాపీ జతచేసి, "ఈ కంపెనీ మాకు ఇంత బాకీ, పేరు తీసేయొద్దు" అని కోరమంగల కేంద్రీయ సదన్‌లో ఉన్న రిజిస్ట్రార్ ఆఫీసుకి మెయిల్‌లో ఒకటి, రిజిస్టర్ పోస్టులో ఒకటి పంపాం. పేరు కొట్టేసే ముందు బాకీల చెల్లింపుకి తగిన ఏర్పాటుందని రిజిస్ట్రార్ తృప్తి చెందాలని 248వ సెక్షనే చెబుతోంది. తర్వాత వచ్చిన STK-7లో ఆ సీఐఎన్ లేదు. ఒకవేళ ఉన్నా దారులన్నీ మూసుకుపోవు. డైరెక్టర్ల బాధ్యత కొనసాగుతుంది, కంపెనీని మళ్లీ రిజిస్టర్‌లోకి తెమ్మని బాకీ రావాల్సినవాళ్లు జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కి, అంటే ఎన్‌సీఎల్‌టీకి, వెళ్లొచ్చు. కాకపోతే 30 రోజుల్లో ఒక ఉత్తరంతో అయ్యే పనికి లాయరు ఫీజులు తోడవుతాయి.

అపోహ: కంపెనీని మూసేసే వైండింగ్ అప్ ఆర్డరు గెజిట్‌లో రాలేదు కాబట్టి భయం లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇది. ట్రిబ్యునల్ వైండింగ్ అప్ ఆర్డరిస్తే ఏడు రోజుల్లో రిజిస్ట్రార్‌కి తెలపాలి, ఆయన తన రికార్డులో రాసుకుని గెజిట్‌లో ప్రకటించాలి. అంటే ఆర్డరు ముందు, గెజిట్ తర్వాత. చట్టం ఇంకా వెనక్కి పోతుంది: పిటిషన్ వేసిన రోజునుంచే వైండింగ్ అప్ మొదలైనట్టు లెక్క. ఆ రోజు తర్వాత కంపెనీ ఆస్తి అమ్మితే, ట్రిబ్యునల్ ఒప్పుకుంటే తప్ప ఆ అమ్మకం చెల్లదు. గెజిట్ ఖాళీగా ఉందని ధైర్యంగా సెకండ్ హ్యాండ్ మెషీన్లు కొన్నవాళ్లకి ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఎన్‌సీఎల్‌టీ బెంగళూరు బెంచ్ సైట్‌లో కంపెనీ పేరుతో, పాత పేరుతో కూడా, పెండింగ్ కేసులు చూసుకోవడమే దీనికి మందు.

ఇంకో సంగతి. అప్పులు కట్టలేక మునిగిన కంపెనీలు ఇప్పుడు ఎక్కువగా 2016 నాటి దివాలా కోడ్ కింద లిక్విడేషన్‌కి వెళ్తున్నాయి. దాని బహిరంగ ప్రకటన పేపర్లలో, దివాలా బోర్డు ఐబీబీఐ వెబ్‌సైట్‌లో వస్తుంది. దానికోసం గెజిట్ తిరగేస్తూ కూర్చుంటే క్లెయిమ్ గడువు దాటిపోతుంది.

అపోహ: విలీనానికి గెజిటే రుజువు.

మనవాళ్లకి ఈ నమ్మకం రావడానికి కారణముంది. ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంకులో కలిసింది గెజిట్‌తోనే. 2020 మార్చి 4న స్కీము నోటిఫై అయింది, ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. అక్కడ గెజిటే మూల పత్రం. ఆంధ్రా బ్యాంకులో తాకట్టు పెట్టిన ఇంటి కాగితాలు చూస్తూ "ఎన్‌సీఎల్‌టీ ఆర్డరేది?" అని అడిగేవాళ్లకి ఆ నోటిఫికేషన్ కాపీ ఇస్తే చాలు.

మామూలు కంపెనీల సంగతి వేరు. అక్కడ స్కీమును సాధారణంగా ఆమోదించేది ట్రిబ్యునల్. ఆ ఆర్డరు సర్టిఫైడ్ కాపీని INC-28 ఫారంతో రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. ఒక కంపెనీ చెన్నైలో, ఇంకోటి బెంగళూరులో రిజిస్టరై ఉంటే రెండు బెంచ్‌ల ఆర్డర్లూ కావాలి. ఒక్కటే చూపించి పని కానిచ్చేయడం నేను రెండుసార్లు చూశాను. విలీనమైన కంపెనీకి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ఎంసీఏ సైట్‌లో స్టేటస్ Amalgamated అని మారుతుంది.

ప్రజాప్రయోజనం పేరుతో కేంద్రమే రెండు కంపెనీలను కలిపి గెజిట్‌లో ప్రకటించే వీలూ చట్టంలో ఉంది. అదీ తుదిమాట కాదు. నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజ్, అంటే ఎన్‌ఎస్‌ఈఎల్‌ని, ఫైనాన్షియల్ టెక్నాలజీస్‌లో కలుపుతూ 2016లో కేంద్రమిచ్చిన ఆర్డరును 2019లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

మొన్న హిందూపురం ఆయన మళ్లీ ఫోన్ చేశారు. పాత బాకీ విడతల్లో వస్తోందట, ఇంకా 2 లక్షల 20 వేలు రావాలి. ఇంకో పార్టీ నుంచి మెయిల్ వచ్చిందట: "మేం ఫలానా కంపెనీలో కలిసిపోయాం, ఇకమీదట బిల్లులు కొత్త జీఎస్టీ నంబరు మీద వేయండి."

"గెజిట్ కాపీ పంపమనేదా సార్?"

"వద్దండీ. ట్రిబ్యునల్ ఆర్డరు, INC-28 రసీదు పంపమనండి. మీ పాత పర్చేజ్ ఆర్డర్ అడుగున సీఐఎన్ ఉంటుంది చూడండి, అది నాకు చదివి చెప్పండి."